కన్యాకుమారి నుంచి ఒక గీత

ఖాళీ పటం ఇచ్చి పెన్నా నదిని గీయమంటే తిరుపతి, చిత్తూరు పిల్లల్లో ఎక్కువ మంది ఒకే పని చేస్తారు. నెల్లూరు ఎక్కడుంటుందో ఊహించుకుని తీరం మీద పెన్సిల్ ఆనిస్తారు. అక్కడి నుంచి లోపలికి ఒక అడ్డగీత లాగి పేరు రాసేస్తారు. "పెన్నా యాడ పుడతాది?" అని అడిగితే "నెల్లూరు కాడ సార్" అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఆ నదిని చూసింది నెల్లూరు వంతెన మీద నుంచే కాబట్టి తప్పు పట్టబుద్ధి కాదు. కానీ పెన్నా పుట్టేది మదనపల్లెకు పడమరగా, కర్ణాటకలోని నంది కొండల్లో. అక్కడి నుంచి తూర్పుకు రాకుండా ముందు ఉత్తరానికి పోతుంది. అనంతపురం సీమలో చాలా దూరం నడిచాక గానీ సముద్రం వైపు తిరగదు. ఈ మలుపు పటంలో కనబడకపోతే ఆ గీత పెన్నా కాదు, నెల్లూరు దగ్గర గీసిన ఒక గీత మాత్రమే.

తప్పు ఎక్కడ జరుగుతోందో చూద్దాం. అట్లాసులో రంగులుంటాయి, రాష్ట్రాల సరిహద్దులుంటాయి, ఊళ్ల పేర్లుంటాయి. పిల్లలు నదిని వాటి పక్కన గుర్తుపెట్టుకుంటారు. పరీక్షలో ఇచ్చే అవుట్‌లైన్ మ్యాప్‌లో అవేవీ ఉండవు. తీరరేఖ, దేశ సరిహద్దు, మధ్యలో తెల్ల కాగితం, అంతే. కర్ణాటక గీత లేనప్పుడు కర్ణాటకలో పుట్టే నదిని ఎక్కడ మొదలుపెట్టాలో చెయ్యికి తెలియదు. అందుకని ఖాళీ పటంలోనూ దొరికే ఆనవాళ్లే మనకు కావాలి. నేను నేర్పే పద్ధతిలో అవి రెండే గీతలు.

స్టేషనరీ కొట్లో దొరికే ఏ4 సైజు భారతదేశ పటం తీసుకోండి. కన్యాకుమారి కొస నుంచి పైన ఉత్తరపు అంచు దాకా స్కేలు పెట్టి కొలవండి. ఇరవై సెంటీమీటర్లు ఉందనుకుందాం. దేశం ఉత్తర దక్షిణాలుగా 3,214 కిలోమీటర్ల పొడవు కాబట్టి మీ పటంలో ఒక సెంటీమీటరు అంటే దాదాపు 160 కిలోమీటర్లు. పటం చిన్నదైనా పెద్దదైనా ముందు ఈ లెక్క వేసుకోవాలి. ఇది తెలిస్తే ఎంత జాగ్రత్త అవసరమో కూడా తెలుస్తుంది. అర సెంటీమీటరు పక్కకు పోతే ఎనభై కిలోమీటర్లు పోయినట్టే. తిరుపతి, చెన్నై రెండింటినీ ఈ పటంలో పెడితే వాటి మధ్య ఒక సెంటీమీటరు కూడా ఉండదు. అందుకే ముక్కు అరిగిన పెన్సిల్‌తో మ్యాప్ పని చేయకూడదు.

ఇప్పుడు మొదటి గీత. కన్యాకుమారి కొస మీద స్కేలు నిలువుగా పెట్టి నేరుగా పైకి చాలా పల్చగా గీయండి. కన్యాకుమారి రేఖాంశం సుమారు 77.5 డిగ్రీలు. బెంగళూరు, భోపాల్, ఢిల్లీ ఈ మూడూ దాదాపు ఇదే గీత మీద వస్తాయి. మన అనంతపురం కూడా అంతే. రెండో గీత కర్కటరేఖ, 23.5 డిగ్రీల అక్షాంశం. మన ఇరవై సెంటీమీటర్ల పటంలో అది అడుగు నుంచి సుమారు పది సెంటీమీటర్ల ఏడు మిల్లీమీటర్ల ఎత్తున, అంటే సగానికి కాస్త పైన, గుజరాత్‌లోని కచ్ నుంచి తూర్పుకు పోతుంది. కొన్ని పటాల్లో ఇది కొంచెం వంపుగా ఉంటుంది. ఆ వంపును పట్టించుకోనక్కర్లేదు. రెండు గీతలూ కలిసే చోటుకు కాస్త కిందే భోపాల్. రాష్ట్రాల సరిహద్దులు ఒక్కటి కూడా లేకుండానే ఇప్పుడు మీ కాగితం నాలుగు ముక్కలైంది.

ఈ నిలువు గీతను ఎందుకు పట్టుకున్నానంటే, మహానది, పెన్నా తప్ప ఉపద్వీపంలోని పెద్ద నదులన్నీ దీన్ని ఎక్కడో ఒకచోట దాటాల్సిందే. ఎక్కడ దాటుతాయో తెలిస్తే అలాంటి ప్రతి నదికీ ముఖద్వారం, పుట్టుక, మధ్యలో ఈ దాటే చోటు అని మూడు బిందువులు దొరుకుతాయి. మూడు బిందువులు పడ్డాక గీత తప్పుదారి పట్టడం కష్టం.

నదిని ఎప్పుడూ సముద్రం వైపు నుంచి గీయండి. పుట్టుక నుంచి మొదలుపెట్టిన చెయ్యి తీరానికి వచ్చేసరికి ఎక్కడో తేలుతుంది. ఖాళీ పటంలో కచ్చితంగా కనబడేది తీరరేఖ ఒక్కటే కాబట్టి అక్కడ మొదలుపెట్టడమే భద్రం. తూర్పు తీరంలో మన పటం కొలతలు ఇలా ఉంటాయి. కావేరి ముఖద్వారం అడుగు నుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తున, పెన్నా నాలుగున్నర దగ్గర, కృష్ణ ఐదుంపావు దగ్గర, గోదావరి ఆరు దగ్గర, మహానది ఎనిమిదిన్నర దగ్గర. పెన్నా, కృష్ణా, గోదావరి ముఖద్వారాల మధ్య ఒక్కోచోట ఏడెనిమిది మిల్లీమీటర్లే ఎడం. తీరం దక్షిణం నుంచి నిలువుగా వచ్చి ఒక్కసారిగా తూర్పుకు తిరిగే మూల ఒకటి కనబడుతుంది చూడండి. కృష్ణ ఆ మలుపు దగ్గర కలుస్తుంది, గోదావరి మలుపు తిరిగాక కలుస్తుంది, పెన్నా మలుపుకు ముందే కలుస్తుంది. ఈ మలుపును కంటితో పట్టుకుంటే కొలతలు మరిచిపోయినా నష్టం లేదు.

పడమటి తీరంలో చిక్కు ఇంకా సన్నం. నర్మద భరూచ్ దగ్గర, తపతి సూరత్ దగ్గర ఖంభాత్ సింధుశాఖలో కలుస్తాయి. మన పటంలో ఆ రెండు ముఖద్వారాల మధ్య ఎడం మూడు, నాలుగు మిల్లీమీటర్లు మించదు. పైది నర్మద, కిందిది తపతి. ఇవి తారుమారైతే మధ్యలో ఉన్న సాత్పురా కొండలు కూడా తప్పుతాయి. పై నుంచి కిందికి వింధ్య, నర్మద, సాత్పురా, తపతి అనే వరుస చెయ్యికి అలవాటు కావాలి. ఒక కొండ, ఒక నది, మళ్లీ కొండ, మళ్లీ నది.

ఇక నిలువు గీత దాటే చోట్లు. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో, గీతకు రెండున్నర సెంటీమీటర్లు ఎడమగా పుట్టి, నాందేడ్ దగ్గర గీతను దాటుతుంది. కృష్ణ మహాబలేశ్వరంలో పుట్టి రాయచూరు దగ్గర దాటుతుంది. కావేరి కొడగు కొండల్లోని తలకావేరిలో పుట్టి, బెంగళూరుకు దక్షిణాన మేకెదాటు దగ్గర దాటుతుంది. నర్మద అమర్‌కంటక్‌లో పుడుతుంది. అది గీతకు కుడి పక్కన, భోపాల్ నుంచి మూడు సెంటీమీటర్ల లోపే ఉంటుంది. అక్కడి నుంచి కర్కటరేఖకు కిందగా దాన్ని అనుసరిస్తూ పడమరకు నడుస్తుంది. అంటే నర్మద, తపతి గీతను కుడి నుంచి ఎడమకు దాటుతాయి, మిగతావి ఎడమ నుంచి కుడికి దాటుతాయి.

పెన్నా మాత్రం ఈ గీతను దాటే రకం కాదు, గీత వెంబడే నడిచే రకం. మా పిల్లలకు ఇది చెప్పినప్పుడు మొదట నమ్మరు. నంది కొండల రేఖాంశం సుమారు 77.7, అంటే గీతకు ఒకటి రెండు మిల్లీమీటర్ల కుడిన. నది అక్కడ పుట్టి గౌరీబిదనూరు మీదుగా హిందూపురం వైపు ఆంధ్రలోకి వచ్చి, అనంతపురం సీమలో ఉత్తరానికి పోయి, పామిడి ప్రాంతంలో తూర్పుకు తిరుగుతుంది. గండికోట దగ్గర ఎర్రమల కొండలను కోసుకుంటూ వెళ్లి, కడప జిల్లా దాటి, సోమశిల దగ్గర తూర్పు కనుమలను దాటి, నెల్లూరు తర్వాత ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం పొడవు 597 కిలోమీటర్లు. పటంలో దీన్ని ఎలా గీయాలంటే, నాలుగున్నర సెంటీమీటర్ల ఎత్తున తీరం మీద పెన్సిల్ పెట్టండి. పడమరకు ఒకటిన్నర సెంటీమీటరుకు కాస్త ఎక్కువ, కొంచెం పైకి ఎక్కుతూ, నిలువు గీత దాదాపు తగిలేదాకా లాగండి. అక్కడ తిరిగి గీత వెంబడే కిందికి ఒక సెంటీమీటరు దిగండి. ఆగిన చోటు నంది కొండలు. రెండు కదలికలతో పెన్నా అయిపోయింది.

దీన్ని సరిచూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మీరు గీసిన పెన్నా ఆకారం ముందు సరిగ్గా వచ్చిందో లేదో చూడండి. వచ్చి ఉంటే, దక్షిణం నుంచి చిత్రావతి, పాపఘ్ని, చెయ్యేరు వచ్చి కలవడానికి దాని కింద చోటుండాలి. నంది కొండల నుంచి నెల్లూరుకు ఏటవాలుగా గీసిన పెన్నాకు ఆ చోటుండదు. మదనపల్లె పక్కన పారే బాహుదా, పించాతో కలిసి చెయ్యేరు అవుతుంది, చెయ్యేరు పెన్నాలో కలుస్తుంది. మదనపల్లె నీళ్లు నెల్లూరు దాకా ఎలా పోతాయో మీ గీతలో చూపించలేకపోతే మళ్లీ గీయండి.

నంది కొండల గురించి ఇంకో మాట. పెన్నా ఉత్తరానికి పోతే, అదే కొండల పరిసరాల్లో పుట్టే పాలారు కుప్పం పక్కగా ఆంధ్రలోకి వచ్చి, తమిళనాడులో వాణియంబాడి, వేలూరు మీదుగా చెన్నైకి దక్షిణాన సముద్రంలో కలుస్తుంది. చిత్తూరు ఊరి పక్కన పారే నీవా నది పొన్నై ద్వారా ఆ పాలారులోకే చేరుతుంది. తిరుపతి వైపు స్వర్ణముఖి మాత్రం ఎవరితోనూ కలవకుండా చంద్రగిరి కొండల నుంచి శ్రీకాళహస్తి మీదుగా నేరుగా సముద్రానికి పోతుంది. భారతదేశ పటంలో స్వర్ణముఖిని ఎవరూ అడగరు, గీసినా ఆరేడు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ రాదు. అయినా మన జిల్లాల నీళ్లు మూడు దారుల్లో పోతున్నాయని తెలిసిన పిల్లవాడికి, నదిని గీయడమంటే నేల వాలును గీయడమేనని వేరే చెప్పనక్కర్లేదు.

ఆ వాలే పీఠభూముల దగ్గరకు తీసుకుపోతుంది. గోదావరి పుట్టేచోటు నుంచి అరేబియా సముద్రం ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, మన పటంలో అర సెంటీమీటరు. అంత దగ్గరి సముద్రాన్ని వదిలేసి 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఎందుకంటే దక్కన్ పీఠభూమి పడమటి కాళ్ల కింద ఇటుకలు పెట్టిన మంచం లాంటిది. పడమట పశ్చిమ కనుమల ఎత్తు, తూర్పుకు వాలు. నర్మద, తపతి ఈ వాలుకు లొంగకపోవడానికి కారణం అవి నేల కుంగి ఏర్పడ్డ పగులు లోయల్లో నడవడమే.

పీఠభూమిని గుర్తించమంటే చుక్క పెట్టడం అన్నిటికంటే ఎక్కువగా కనబడే తప్పు. అది ఊరు కాదు. అది ప్రాంతం కాబట్టి పల్చని ఏటవాలు గీతలతో నింపి, పేరు ఆ నింపిన భాగం మధ్యలో పడేలా రాయాలి. అంచు ఎక్కడ ఆపాలన్నది అసలు సందేహం. నదులు ముందే గీసి ఉంటే ఆ సందేహం చాలావరకు తీరుతుంది. నర్మదకు పైన, నిలువు గీతకు ఎడమన, కర్కటరేఖకు అటూ ఇటూ ఉన్న ముక్క మాళ్వా. దాని వాలు ఉత్తరానికి, అందుకే చంబల్, బేత్వా నదులు అక్కడ నుంచి పైకి యమున వైపు పోతాయి. భోపాల్ నుంచి కర్కటరేఖ మీద కుడికి ఐదు సెంటీమీటర్లు కొలిస్తే రాంచీ వస్తుంది, దాని చుట్టూ ఉన్నది చోటానాగపూర్. తెలంగాణ పీఠభూమి గోదావరికి, కృష్ణకు మధ్య, గీతకు కుడి పక్క. కృష్ణకు, కావేరికి మధ్య గీతకు ఎక్కువగా ఎడమ పక్కన ఉన్నది కర్ణాటక పీఠభూమి. దాని తూర్పు అంచు మాత్రం గీత దాటి మన వైపు కొంచెం వస్తుంది.

ఆ కొంచెం ఎక్కడుందో తెలుసుకోవడానికి పటం అక్కర్లేదు, చిత్తూరులో పలమనేరు బస్సు ఎక్కితే చాలు. చిత్తూరు సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంటుంది. మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరేసరికి 700 మీటర్లకు దగ్గరవుతారు. ఎక్కిన తర్వాత మళ్లీ దిగరు. కొండ అయితే అవతల దిగాలి, పీఠభూమి అయితే ఎక్కిన ఎత్తులోనే ముళబాగిలు, కోలారు, బెంగళూరు దాకా పోతారు. కొండకు, పీఠభూమికి తేడా రాయమనే ప్రశ్నకు దీనికంటే మంచి ఉదాహరణ మన దగ్గర లేదు. పలమనేరు, కుప్పం, మదనపల్లె పీఠభూమి మీద ఉన్నాయి, తిరుపతి, శ్రీకాళహస్తి, నగరి దాని కింద ఉన్నాయి. తిరుమల కొండలు తూర్పు కనుమల్లో భాగం, వాటిని పీఠభూమి అని రాయకండి.

ఇక శీతోష్ణస్థితి ప్రశ్నలు. జవాబు పత్రాల్లో ఇవి ఎక్కడ దెబ్బతింటాయో చెబుతాను. అడిగింది అనంతపురం గురించి అయినా జవాబు "భారతదేశం రుతుపవన దేశం" అని మొదలై, జూన్‌లో కేరళను తాకి, రెండు శాఖలుగా చీలి, పేజీ చివరికి వచ్చేసరికి కూడా అనంతపురం చేరదు. నేనైతే రాయడానికి ముందు అదే ఖాళీ పటం మీద ఆ ఊరిని పెట్టమంటాను. ఊరు ఎక్కడ పడిందో చూశాక మూడు సంగతులు అడగండి: ఏ సముద్రం ఎంత దూరంలో ఉంది, ఏ నెలల్లో గాలి ఎటునుంచి వస్తుంది, ఆ గాలికి దారిలో ఎత్తైన నేల ఏదైనా అడ్డుందా.

అనంతపురాన్నే తీసుకుందాం. మన పటంలో అది నిలువు గీత మీద, అడుగు నుంచి నాలుగు సెంటీమీటర్ల ఆరు మిల్లీమీటర్ల ఎత్తున పడుతుంది. పడమటి తీరం రెండుంపావు సెంటీమీటర్లు, తూర్పు తీరం ఒకటి ముప్పావు కంటే కొంచెం తక్కువ. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి నైరుతి నుంచి వస్తుంది. దారిలో పశ్చిమ కనుమలు. తేమంతా పడమటి వాలు మీద కురిసి, ఇవతలికి దిగిన గాలి పొడిగా ఉంటుంది. ఇదే వర్షచ్ఛాయా ప్రాంతం. చాలామంది ఇక్కడితో జవాబు ముగిస్తారు. ముగిస్తే సగమే రాసినట్టు.

ఎందుకంటే పాత జిల్లాల సగటు వర్షపాతం చూడండి. పాత అనంతపురం జిల్లాకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, పాత నెల్లూరు జిల్లాకు సుమారు 1,080. దాదాపు రెండింతలు. కానీ నైరుతి కాలాన్ని మాత్రమే విడదీసి చూస్తే రెండు జిల్లాలకూ పడేది ఇంచుమించు ఒకటే, 330 మిల్లీమీటర్ల చుట్టూ. అంటే కనుమల వర్షచ్ఛాయ నెల్లూరు మీద కూడా పడుతోంది. అసలు తేడా అంతా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఉన్న ఈశాన్య రుతుపవన కాలంలో వస్తోంది. ఆ మూడు నెలల్లో నెల్లూరుకు సుమారు 660, అనంతపురానికి సుమారు 155. బంగాళాఖాతం మీద తేమ పట్టుకుని వచ్చే గాలికి నెల్లూరు గుమ్మం దగ్గరే ఉంది. అనంతపురం చేరాలంటే 270 కిలోమీటర్లు లోపలికి రావాలి, మధ్యలో తూర్పు కనుమలను దాటాలి. కాబట్టి అనంతపురానికి ఒక వైపు కనుమల అడ్డు, రెండో వైపు దూరం, రెండూ రాస్తేనే జవాబు పూర్తవుతుంది.

జవాబు ఇలా ఉండొచ్చు: "అనంతపురం ఉపద్వీపం మధ్యలో, రెండు సముద్రాలకూ దూరంగా ఉంది. నైరుతి రుతుపవన కాలంలో పశ్చిమ కనుమలు తేమను అడ్డుకోవడం వల్ల ఇది వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉంటుంది. ఈశాన్య రుతుపవన కాలంలో బంగాళాఖాతం నుంచి వచ్చే గాలులు తీరంలోని నెల్లూరుకు, తిరుపతికి ఎక్కువ వర్షమిచ్చి, తూర్పు కనుమలు దాటేసరికి తేమను కోల్పోతాయి. అందువల్ల రెండు కాలాల్లోనూ ఇక్కడ వర్షం తక్కువ." నాలుగు వాక్యాలు. ఒక్క వాక్యం కూడా వేరే ఊరికి సరిపోదు. జవాబును ఇలా పరీక్షించుకోండి. అనంతపురం పేరు తీసేసి జైపూర్ పేరు పెట్టినా జవాబు చెల్లిపోతే, అది రాయకముందు పటం చూడలేదన్నమాట.

పాత చిత్తూరు జిల్లా ఈ రెండింటి మధ్యలో నిలుస్తుంది. ఏడాది మొత్తం సుమారు 930 మిల్లీమీటర్లలో నైరుతి వాటా 440కి, ఈశాన్యం వాటా 400కి దగ్గరగా ఉంటాయి. మిగిలింది ఎండాకాలపు జల్లులు. మన రైతు వేరుశనగ విత్తేది నైరుతి వానకు. చెరువులు నిండేది మాత్రం చాలా ఏళ్లలో కార్తీకం తుఫానులకే. ఈ రెండు వానల మధ్య ఉండటమే మన సీమ స్వభావం. పైగా జిల్లా లోపల కూడా పడమట ఉన్న మదనపల్లె వైపుకు, తూర్పున ఉన్న సత్యవేడు వైపుకు ఈ వాటాలు ఒకేలా ఉండవు. జిల్లా సగటును ఒక ఊరి వర్షంగా రాయకపోవడం మంచిది.

2021 నవంబర్‌ను గుర్తుచేసుకుంటే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ నెల 18న తిరుపతిలో వీధులు కాలువలయ్యాయి, తిరుమల మెట్ల దారిలో నీళ్లు జలపాతంలా దిగాయి. 19న తెల్లవారుజామున వాయుగుండం పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది. అదే రోజు ఉదయం చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి రాజంపేట వైపు గ్రామాలు మునిగాయి. మన పటం మీద పెట్టి చూడండి. సముద్రం మీద నుంచి వచ్చిన తేమగాలి శేషాచలం కొండలకు కొట్టుకుని పైకి లేచింది, లేచిన గాలి చల్లబడింది, ఆ వానంతా అక్కడే కురిసింది. తూర్పు వాలు నీళ్లు స్వర్ణముఖిలోకి దిగాయి, ఉత్తరం, పడమర వాలు నీళ్లు చెయ్యేరు ద్వారా పెన్నాలోకి పోయాయి. అందుకే తిరుపతి మునిగిన మరునాడే రాజంపేట, ఆ వెంటనే నెల్లూరు వరదలో చిక్కాయి. నదుల గీతలు సరిగ్గా గీసిన పిల్లవాడు ఈ వరుసను పటం చూసి చెప్పగలడు.

ఎత్తు గురించిన ప్రశ్న తేలిక. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల సెల్సియస్ వేడి తగ్గుతుంది. తిరుపతి ఎత్తు సుమారు 160 మీటర్లు, తిరుమల 850 చుట్టూ. తేడా దాదాపు 700 మీటర్లు, అంటే నాలుగున్నర డిగ్రీలు. మే నెలలో కింద 42 ఉన్న మధ్యాహ్నం పైన 37, 38 ఉండాలి. అడవి, గాలి, మబ్బు వల్ల లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. పలమనేరుకు, చిత్తూరుకు ఇదే లెక్క వేస్తే రెండున్నర డిగ్రీలు వస్తుంది. ఊటీ, సిమ్లా ఉదాహరణలు అందరూ రాస్తారు, మన దగ్గర ఇవి ఉండగా అంత దూరం పోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

క్లైమోగ్రాఫ్ ఇచ్చి ఊరు గుర్తించమంటే ముందు ఉష్ణోగ్రత గీతను చూడకండి, వర్షపు కడ్డీల్లో ఎత్తైనది ఏ నెలలో ఉందో చూడండి. జులైలో ఉంటే నైరుతి ఊరు, అక్టోబర్, నవంబర్‌లలో ఉంటే మన తీరం ఊరు. ముంబైకి జులై, చెన్నైకి నవంబర్. తర్వాత ఉష్ణోగ్రత గీత ఎంత ఎత్తుపల్లాలుగా ఉందో చూడండి. చెన్నైలో జనవరికి, మే నెలకు సగటున ఎనిమిది డిగ్రీలకు మించి తేడా ఉండదు, పక్కనే సముద్రం కాబట్టి. ఢిల్లీలో ఆ తేడా దాదాపు ఇరవై. నవంబర్ కడ్డీ ఎత్తుగా ఉండి ఉష్ణోగ్రత గీత దాదాపు చదునుగా ఉంటే ఇంకా ఆలోచించకుండా చెన్నై అని రాసేయొచ్చు. తిరుపతికి అలాంటి గ్రాఫ్ ఇస్తే కడ్డీ అక్కడే ఎత్తుగా ఉంటుంది గానీ, సముద్రానికి కొంచెం లోపల ఉండటం వల్ల మే గీత చెన్నై కంటే పైకి లేస్తుంది.

రాసే చోట ఒకటి రెండు జాగ్రత్తలు. నది పేరు నది గీత వెంబడే, అది పారే దిశలో వాలుగా రాయాలి. తీరం దగ్గర చోటు చాలకపోతే పేరు సముద్రంలో రాసి బాణం గుర్తు పెట్టొచ్చు, నేల మీద ఇరికించి పక్క నది మీద పడేలా మాత్రం రాయకూడదు. పీఠభూమి నింపే గీతలు నది మీద నుంచి పోకూడదు. ఇంక్ పెన్ను ముట్టుకునే ముందు ఒకసారి నదులన్నీ చూసుకోండి. ఒక నది ఇంకో నదిని అడ్డంగా కోస్తే రెండింటిలో ఒకటి తప్పు. కలవొచ్చు, కోయకూడదు. సముద్రం చేరకుండా, ఇంకో నదిలో కలవకుండా నేల మధ్యలో ఆగిపోయిన గీత ఉంటే అదీ తప్పే. రాజస్థాన్‌లో లూని కచ్ రణ్‌లోని చిత్తడిలో ఇంకిపోతుంది గానీ అలాంటివి ఉపద్వీపంలో అడిగే నదుల్లో లేవు. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాక, నిలువు గీతను రబ్బరుతో తుడిచేయండి. కర్కటరేఖను ప్రశ్నలో అడిగి ఉంటే పేరు రాసి ఉంచండి, అడగకపోతే దాన్నీ తుడిచేయండి.